ముప్పై ఐ7లు వద్దు మేడం, ఇరవై రెండు మంచి సిస్టమ్స్ తీసుకుందాం: కంప్యూటర్ ల్యాబ్ గురించి ప్రిన్సిపాల్ గారికి బహిరంగ లేఖ

ప్రిన్సిపాల్ మేడం గారికి నమస్కారం అండి,

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో కొత్త కంప్యూటర్ ల్యాబ్ కోసం ఆరున్నర లక్షలు పక్కన పెట్టామని చెప్పారు, తర్వాత వెండర్ ఇచ్చిన కొటేషన్ కూడా గ్రూప్‌లో పెట్టి ఎవరికైనా ఏమైనా చెప్పాలనుంటే రాసివ్వమన్నారు. నేను ఇక్కడ దగ్గర్లో ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్స్‌కి సిస్టమ్ అడ్మిన్‌గా చేస్తున్నా, మా పాప మీ దగ్గర ఏడో తరగతి. కొనడం, పెట్టడం, పాడైతే విప్పడం, స్క్రాప్‌కి పంపడం, ఇదే నా రోజువారీ పని కాబట్టి రాస్తున్నా. మీకొక్కరికే ఇవ్వకుండా అందరికీ కనపడేట్టు ఎందుకు రాస్తున్నానంటే డబ్బు మనందరి పిల్లల ఫీజులది, పైగా ఇదే కొటేషన్ రేపు ఇంకో స్కూల్‌కి కూడా పోతుంది.

ముందు ఆ కొటేషన్ సంగతి చూద్దాం. అందులో ఏముంది? ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, 19 అంగుళాల మానిటర్, కీబోర్డ్, మౌస్, అన్నీ కలిపి ఒక్కోటి 17,500. అలాంటివి 30 అంటే 5,25,000. దానికి ఒక్కో సిస్టమ్‌కి చిన్న యూపీఎస్ 2,500 చొప్పున 75,000, వైరింగ్‌కి 50,000. సరిగ్గా ఆరున్నర లక్షలు. చూడ్డానికి ఎంత బాగుందో కదా, ఐ7 అంట, 16 జీబీ అంట, ముప్పై అంట. నా కాలేజీలో పిల్లలకి కూడా అంత లేదు మేడం.

కానీ ఒక్క ముక్క రాయలేదు. ఐ7 అన్నాడు గానీ ఏ ఐ7 అనేది రాయలేదు. ఐ3, ఐ5, ఐ7 అనేవి 2008, 2010 మధ్య మొదలయ్యాయి, ఆ తర్వాత ఏటా కాకపోయినా దాదాపు ఏటా కొత్త జనరేషన్ వచ్చింది, అసలు తేడా అంతా దాని తర్వాత ఉండే నంబర్‌లో ఉంటుంది. నేను ఆయనకి ఫోన్ చేసి అడిగితే కాసేపు నసిగి "థర్డ్ జనరేషన్ సార్, అయినా ఐ7 కదా, స్పీడ్‌కి ఢోకా లేదు" అన్నాడు. అంటే ఐ7-3770 అన్నమాట. అది 2012లో వచ్చింది, మా పాప క్లాసు పిల్లలు పుట్టకముందు. ఆఫీసుల స్క్రాప్‌లోంచి ఆ ప్రాసెసర్ పీకి, హెచ్61 అనే 2011 నాటి చిప్‌సెట్ మీద చిన్న చిన్న కంపెనీలు ఇప్పటికీ తయారుచేస్తున్న మదర్‌బోర్డ్‌లో పెట్టి, కొత్త డబ్బాలో బిగించి, ముందు రంగు లైట్ ఒకటి పెట్టి అమ్ముతారు. డబ్బా కొత్తది, లోపలంతా పాతది. ఆన్‌లైన్‌లో "ఐ7 డెస్క్‌టాప్ ఫుల్ సెట్" అని పదిహేను వేలకి కనపడేవి చాలావరకు ఇవే.

ఇందులో మోసం అనడానికి కూడా లేదు, కాగితం మీద రాసిందే ఇస్తాడు. మనం అడగాల్సింది అడగకపోతే అంతే.

2022లో వచ్చిన ఐ3-12100 అనే మామూలు ఐ3 ఉంది చూడండి, అది ఆ 3770 ఐ7 కంటే రెట్టింపు పైనే పని చేస్తుంది. అందుకే ఐ7 అనే పేరు చూసి మురిసిపోయే పని లేదు. పేరు పక్కన గీత తర్వాత వచ్చే అంకె చూస్తే చాలు, 3770 అంటే 3వ జనరేషన్, 8500 అంటే 8వది, 12100 అంటే 12వది.

సరే పాతదైతే ఏంటి, పిల్లలు నేర్చుకోడానికే కదా అని కమిటీలో ఒకరు అన్నారని తెలిసింది. ఆ మాటలో న్యాయం ఉంది, నేను కూడా పాతవే తీసుకుందాం అంటున్నా, కాకపోతే వేరే పాతవి, ఆ సంగతి కింద చెప్తా. 3వ జనరేషన్‌తో ఇబ్బంది స్పీడ్ ఒక్కటే కాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి ఉండాలి, ఏడులో ఒకటి రెండు మినహాయింపులు తప్ప, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కూడా ఉండాలి. ఆ హెచ్61 బోర్డుల్లో అది ఉండదు. మరి వెండర్ "విండోస్ 11 వేసిస్తా" అంటున్నాడు కదా అంటే, చెకింగ్‌ని దాటించి వేసే పద్ధతి ఉంది, అలా వేస్తే ఆన్ అవుతుంది, పనిచేస్తుంది, కానీ అప్‌డేట్స్ వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, ఏదో ఒక పెద్ద అప్‌డేట్ దగ్గర ఆగిపోతుంది. పైగా ఆ విండోస్ లైసెన్స్ కూడా అసలుది అయ్యుండదు, 17,500లో దానికి చోటు ఎక్కడుంది?

రెండోది ఆ 1 టీబీ. అది లోపల తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ కాదు, తిరిగే హార్డ్ డిస్క్, అది కూడా చాలాసార్లు సీసీటీవీ రికార్డర్లలో కొన్నేళ్లు రాత్రీపగలూ తిరిగి వచ్చిందే. మీ పీరియడ్ 40 నిమిషాలు. పిల్లలు క్లాసులోంచి వచ్చి కూర్చునేసరికి ఐదు నిమిషాలు, హార్డ్ డిస్క్ మీద విండోస్ లేచి, యాంటీవైరస్ లేచి, మౌస్ చెప్పిన మాట వినేసరికి ఇంకో నాలుగైదు నిమిషాలు, బ్రౌజర్ తెరిస్తే ఇంకొంచెం. అదే 256 జీబీ ఎస్ఎస్‌డీ అయితే అర నిమిషంలో డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. స్కూల్ పిల్లలకి 1 టీబీలో పెట్టుకునేంత సరుకు ఏముంటుంది మేడం, స్క్రాచ్ ప్రాజెక్టులు, రెండు వర్డ్ ఫైళ్లు, పైథాన్ ప్రోగ్రామ్స్, అన్నీ కలిపినా పెన్‌డ్రైవ్ నిండదు. ల్యాబ్‌లో పనికొచ్చేది సైజు కాదు, లేచే వేగం.

ఇప్పుడు నా ప్రపోజల్. మొత్తం 22 సీపీయూలు, 21 మానిటర్లు. పిల్లలకి 20, కంప్యూటర్ సార్‌కి ఒకటి, ఒక సీపీయూ స్పేర్‌గా బీరువాలో. సీపీయూలు రిఫర్బిష్డ్, అంటే వాడినవాటిని బాగుచేసి అమ్మేవి తీసుకుందాం, కానీ పెద్ద కంపెనీల ఆఫీస్ మోడల్స్ మాత్రమే: డెల్ ఆప్టిప్లెక్స్ 3060, హెచ్‌పీ ప్రోడెస్క్ 600 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720. మూడూ ఒకే కాలం నాటివి, 8వ జనరేషన్. సాఫ్ట్‌వేర్ కంపెనీలు, బ్యాంకులు లీజుకి తీసుకుని మూడు నాలుగేళ్లు ఏసీ గదుల్లో వాడి, లీజు అయిపోగానే వందల్లో తిరిగి ఇచ్చేస్తారు, అవే మార్కెట్లోకి వస్తాయి. ప్రాసెసర్ ఐ5-8500, ఆరు కోర్లు. ర్యామ్ 8 జీబీ, ఒకే స్టిక్‌గా ఉండాలి, పక్క స్లాట్ ఖాళీగా ఉంటే తర్వాత పెంచుకోవచ్చు. 256 జీబీ ఎస్ఎస్‌డీ. విండోస్ 11 ప్రో అసలు లైసెన్స్‌తో, ఒక సంవత్సరం రీప్లేస్‌మెంట్ వారంటీతో. ఒక్కోటి జీఎస్టీతో కలిపి సుమారు 16,500 పడుతోంది. మూడు మోడల్స్ కలపొద్దు, ఏదో ఒకటే మోడల్ 22 తీసుకోవాలి, ఎందుకో కింద చెప్తా.

కొత్తవే కొనొచ్చు కదా అని అడుగుతారు. లెక్క వేసి చూశా. ఐ3-12100, దానికి మంచి బోర్డు, 8 జీబీ, ఎస్ఎస్‌డీ, లోపలికి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ మంచిది ఉన్న క్యాబినెట్, మానిటర్, కీబోర్డ్ అన్నీ పెట్టి అసెంబుల్ చేయిస్తే ఒక్కోటి 34,000 దాకా వస్తోంది, విండోస్ లైసెన్స్ కాకుండా. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి, ఎస్ఎస్‌డీ కూడా పెరిగింది, షాపులో కొటేషన్ ఇస్తే వారం కంటే ఎక్కువ నిలబడటం లేదు. కరెంటు పనులకి, నెట్‌వర్క్‌కి పోను మిగిలేదాంట్లో కొత్తవి 15 వస్తాయి. సెక్షన్‌కి నలభై మంది ఉన్నారు, 15 అంటే ఒక్కోదానికి దాదాపు ముగ్గురు, మూడో పిల్లవాడు పక్కన నిలబడి చూడ్డమే. ఇరవై ఉంటే ఇద్దరికి ఒకటి, ఒకరు టైప్ చేస్తుంటే ఇంకొకరు చూసి తప్పు పట్టడం, పది నిమిషాలకి మారడం, స్క్రాచ్‌కైనా పైథాన్‌కైనా ఇది బాగానే నడుస్తుంది. మీ దగ్గర ఎనిమిది లక్షలు ఉండుంటే నేను కొత్తవే చెప్పేవాణ్ని, అది కూడా దాచను.

రిఫర్బిష్డ్‌లో ఇబ్బంది లేదా అంటే ఉంది. ఈ ఆఫీస్ మోడల్స్‌లో ఎస్ఎంపీఎస్, మదర్‌బోర్డు ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటాయి. మామూలు డబ్బాలో ఎస్ఎంపీఎస్ పోతే మన బస్టాండ్ దగ్గర షాపులో ఎనిమిది వందలకో వెయ్యికో దొరికేది పెట్టేస్తాం, ఆప్టిప్లెక్స్ చిన్న డబ్బాలో అది పట్టదు, కనెక్టర్ కూడా వేరు. సికింద్రాబాద్ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించాలి, నాలుగైదు రోజులు. అందుకే ఒకటి స్పేర్, అందుకే అన్నీ ఒకే మోడల్. ఏదైనా పోతే స్పేర్‌లోంచి పార్ట్ తీసి అందులో పెట్టి పిల్లల పని ఆగకుండా చూసి, తర్వాత తీరిగ్గా తెప్పించుకోవచ్చు. ఇంకోటి, పుస్తకం సైజులో ఉండే టైనీ మోడల్స్ కూడా చూపిస్తారు, అవి ల్యాప్‌టాప్ లాంటి అడాప్టర్ మీద నడుస్తాయి, బాగుంటాయి, కానీ స్కూల్లో ఎవరైనా బ్యాగులో వేసుకుపోయేంత చిన్నగా ఉంటాయి, వాటికి తాళం బిగించే ఖర్చు వేరే. నేనైతే స్మాల్ ఫామ్ ఫ్యాక్టర్ అనే మధ్య సైజు డబ్బాలే తీసుకుంటా.

మానిటర్లు మాత్రం కొత్తవే. పాత 19 అంగుళాల వాటిలో సగం పసుపు తిరిగి, మూలల్లో నీడలు పడి ఉంటాయి, పిల్లలు రోజూ చూసేవి అవి. 22 అంగుళాల ఐపీఎస్ ప్యానెల్, ఫుల్ హెచ్‌డీ, మూడేళ్ల వారంటీతో 6,200 లోపు వస్తున్నాయి. ఇక్కడ చాలామంది ఇన్‌స్టలేషన్ రోజు తల పట్టుకునే విషయం ఒకటుంది: ఈ సీపీయూలకి వెనకాల చాలావాటిలో డిస్‌ప్లే పోర్ట్ ఉంటుంది, చవక మానిటర్లకి హెచ్‌డీఎంఐ, వీజీఏ మాత్రమే ఉంటాయి. ఆ రెంటినీ కలిపే కేబుల్ ముందే ఆర్డర్‌లో రాయకపోతే ఇరవై మానిటర్లు, ఇరవై సీపీయూలు పక్కపక్కన పెట్టుకుని కూర్చోవాలి.

ఇంక కరెంటు. మేడం, దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే స్కూల్ ల్యాబ్‌లు మూతపడేది ప్రాసెసర్ పాతదై కాదు, ఇక్కడే.

మీరు ల్యాబ్‌కి ఇస్తామన్న పాత లైబ్రరీ గది నేను చూశా. ప్లగ్‌లలో మూడో పిన్‌కి ఎర్త్ వైర్ రాలేదు, పైన పెద్ద రంధ్రం ఖాళీగా ఉంది. ఎర్త్ లేకుండా కంప్యూటర్ పెడితే డబ్బా మీద చెయ్యి పెట్టగానే జిల్లుమంటుంది, చాలాచోట్ల చూసే ఉంటారు. కారణం ఏంటంటే ఎస్ఎంపీఎస్ లోపల కరెంటులో రొద తీసెయ్యడానికి ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు ఎర్త్‌కి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే డబ్బా మొత్తం సగం వోల్టేజ్‌లో, అంటే 110, 115 దగ్గర తేలుతూ ఉంటుంది. ఒక్క కంప్యూటర్ అయితే మిల్లీయాంప్‌లో సగం ఉంటుంది, జివ్వుమని ఊరుకుంటుంది. కానీ ఇరవై కంప్యూటర్ల ఎర్త్ వైర్లు ఒకదానికొకటి కలిపి, ఆ చివర భూమికి మాత్రం కలపకుండా వదిలేస్తే అన్నింటి లీకేజీ కలిసి ఏదో ఒక డబ్బా ముట్టుకున్న పిల్లవాడి ఒంట్లోంచి పోతుంది. అప్పుడది జివ్వుమనడంతో ఆగదు.

అందుకని గది వెనకాల కొత్తగా ఎర్త్ పిట్ తవ్వించాలి, బొగ్గు ఉప్పు వేసి పైపు దింపే పాత పద్ధతైనా సరే, కెమికల్ ఎర్తింగ్ అయినా సరే, ఎండాకాలం దాంట్లో నీళ్లు పోయించే బాధ్యత ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. పని అయ్యాక ఎలక్ట్రీషియన్ మాట మీద వదిలెయ్యకుండా మల్టీమీటర్ పెట్టి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ చూడాలి, సిస్టమ్స్ వచ్చాక అన్నీ ఆన్‌లో ఉన్నప్పుడు మళ్లీ చూడాలి. 3 వోల్టుల లోపు ఉండాలి. ఇరవై, ముప్పై చూపిస్తే ఎర్త్ పేరుకే ఉన్నట్టు. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి, కొంతమంది పని తప్పించుకోడానికి ప్లగ్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్‌కి చిన్న వైర్‌తో కలిపేస్తారు, అప్పుడు మీటర్ సున్నా చూపిస్తుంది, మనం ఆహా అనుకుంటాం. అది అన్నింటికంటే ప్రమాదం, ఎక్కడైనా న్యూట్రల్ తెగితే ప్రతి డబ్బా మీదకీ పూర్తి 230 వచ్చేస్తుంది. సరిగ్గా సున్నా వస్తే సంతోషించకుండా ఒక ప్లగ్ విప్పించి చూడండి.

షాక్ కొట్టకుండా ఆపే ఆర్‌సీసీబీ కూడా పెట్టాలి, 30 మిల్లీయాంప్‌ది. ఇక్కడ మన ఎలక్ట్రీషియన్లు అందరూ చేసేది ఏంటంటే గదికంతటికీ ఒకటే పెడతారు. ఇరవై కంప్యూటర్ల మామూలు లీకేజీయే కలిపితే పది పదిహేను మిల్లీయాంప్‌లు అవుతుంది, 30ది అని రాసి ఉన్నా అది 15 దాటాక ఎప్పుడైనా పడిపోవచ్చు. దాంతో రోజూ కారణం లేకుండా ట్రిప్ అవుతుంది, విసుగొచ్చి ఎవరో దాన్ని తీయించేస్తారు, కథ కంచికి. అందుకే లైన్‌ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఐదారు సిస్టమ్స్, ఒక్కోదానికి విడిగా ఆర్‌సీసీబీ, లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపే ఎంసీబీ పెట్టించాలి. వైర్ 2.5 ఎంఎం రాగిది.

యూపీఎస్ విషయంలో వెండర్ ఒక్కోదానికి ఒక చిన్నది అన్నాడు. కొన్న రోజు బాగానే ఉంటుంది. వాటిలో ఉండే 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లలో పోతుంది, ఒక్కోటి తొమ్మిది వందలు అనుకున్నా ముప్పైకి 27,000, ఆ డబ్బు ఆ ఏడు బడ్జెట్‌లో ఉండదు, యూపీఎస్‌లు మూల పడతాయి, సిస్టమ్స్ నేరుగా గోడకి పెడతారు. నేను చెప్పేది మొత్తానికి కలిపి ఒక 3 కేవీఏ ఆన్‌లైన్ రకం యూపీఎస్, దానికి 26 ఏహెచ్ బ్యాటరీలు ఎనిమిది. ఒక్కో సిస్టమ్ మానిటర్‌తో కలిపి 60 వాట్లు అనుకోండి, 21కి 1,260 వాట్లు, ఆ యూపీఎస్ 2,400 మొయ్యగలదు. బ్యాటరీలు 96 వోల్టులు ఇంటూ 26 అంటే కాగితం మీద 2,500 వాట్ అవర్లు, ఇంత తొందరగా ఖాళీ చేస్తే అంతా రాదు, గంట దాకా వస్తుంది, పాతబడ్డాక నలభై నిమిషాలు. మీ పీరియడ్‌కి సరిపోతుంది. దీనికున్న లోపం తెలిసిందే, అదొక్కటి పాడైతే అన్నీ ఆగుతాయి. అందుకని నేరుగా కరెంటుకి మార్చే చేంజోవర్ స్విచ్ ఒకటి పక్కన పెట్టించాలి, వెయ్యి రూపాయల పని.

నెట్‌వర్క్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, 24 పోర్టుల గిగాబిట్ స్విచ్, క్యాట్6 కేబుల్, వైఫై వద్దు. ఆఫీసులో ఉన్న ఫైబర్ లైనే చాలు. రౌటర్‌లో డీఎన్ఎస్ 1.1.1.3 అని పెడితే పెద్దలకి మాత్రమే అనే సైట్లు, వైరస్ సైట్లు చాలావరకు ఆగుతాయి, పైసా ఖర్చు లేదు, ఆ పని నేనే చేసిపెడతా. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ వాడదాం, దొంగ ఎంఎస్ ఆఫీస్ వెయ్యనివ్వొద్దు, క్రాక్ ఫైళ్లతోనే సగం వైరస్‌లు వస్తాయి. కేరళలో సర్కారు బడులన్నీ ఏళ్ల తరబడి ఉబుంటు మీద చేసుకున్న సొంత లినక్స్‌తోనే నడుస్తున్నాయి, మనం అంత దూరం ఇప్పుడే పోనక్కర్లేదు, సార్‌కి విండోస్ అలవాటు.

ఖర్చు మొత్తం ఇదీ, అన్నీ జీఎస్టీతో కలిపి, నేను అడిగి తెలుసుకున్న రేట్లు, కొనే రోజుకి అటూ ఇటూ అవుతాయి:

సీపీయూలు 22 × 16,500 = 3,63,000
మానిటర్లు 21 × 6,200 = 1,30,200
యూఎస్‌బీ కీబోర్డ్ మౌస్ సెట్లు 24 × 650 = 15,600
డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుళ్లు 22 × 300 = 6,600
ఆన్‌లైన్ యూపీఎస్, బ్యాటరీలు, స్టాండ్ = 54,000
ఎర్త్ పిట్, వైరింగ్, ఆర్‌సీసీబీలు, ఎంసీబీలు, చేంజోవర్, కూలీ = 38,000
స్విచ్, కేబుల్, బిగింపు = 22,000

కలిపితే 6,29,400. ఆరున్నర లక్షల్లో 20,600 మిగులుతుంది, దాన్ని ఖర్చు పెట్టొద్దు, మొదటి ఏడాది ఎస్ఎంపీఎస్‌లకీ, పిల్లలు పీకే కీబోర్డ్ బటన్లకీ ఉంచండి. టేబుళ్లు లైబ్రరీవే వాడుకోవచ్చు, వరసలుగా కాకుండా మూడు గోడల వెంబడి వేస్తే సార్ మధ్యలో నిలబడితే అన్ని స్క్రీన్లూ కనపడతాయి, వైర్లు కూడా కాళ్ల కిందకి రావు.

కొనేది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్ దగ్గర అయితే మంచిది, నాలుగు షాపులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి రేటు తేలుతుంది. మన వెండరే ఇదే సరుకు తెచ్చిస్తానంటే ఆయన దగ్గరే తీసుకోండి, నాకేం పట్టింపు లేదు, ఊళ్లో మనిషైతే సర్వీస్‌కి పిలవగానే వస్తాడు. ఎవరి దగ్గరైనా సరే, బిల్లు మీద "కంప్యూటర్ 22 నంబర్లు" అని కాకుండా ఒక్కో సీరియల్ నంబర్ రాయించుకోవాలి. సరుకు వచ్చిన రోజు ప్రతి దాంట్లో విండోస్‌లోనే ఉండే పవర్‌షెల్ తెరిచి ఇది కొట్టాలి:

```
Get-CimInstance Win32_Processor | Select Name
Get-CimInstance Win32_BIOS | Select SerialNumber
Get-PhysicalDisk | Select FriendlyName, MediaType, Size
```

మొదటి లైన్‌కి జవాబులో i5-8500 అని కనపడాలి. i7-3770 లాంటిది కనపడితే డబ్బా మీద ఏ స్టిక్కర్ ఉన్నా అనవసరం. రెండోదానికి వచ్చే నంబర్ డబ్బా వెనక ఉన్నదానితోనూ బిల్లుతోనూ కలవాలి, కలవకపోతే బోర్డు మార్చారని అర్థం. మూడోదాంట్లో SSD అని ఉండాలి. తర్వాత `tpm.msc` అని కొడితే వెర్షన్ 2.0 చూపించాలి. ఎస్ఎస్‌డీ ఎంత అరిగిందో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చెప్తుంది, ఆరోగ్యం 90 శాతం కంటే తక్కువ ఉన్నవి వెనక్కి ఇచ్చేద్దాం, ఇది ముందే కొనుగోలు కాగితంలో రాస్తే అప్పుడు గొడవ ఉండదు. చివరగా అన్నీ ఒకేసారి ఆన్ చేసి రెండు గంటలు వదిలెయ్యాలి, వేడెక్కి ఆగిపోయేవి, ఫ్యాన్ కీచుమనేవి అప్పుడే బయటపడతాయి.

డబ్బు కూడా ఒకేసారి ఇవ్వొద్దు మేడం. సరుకు దిగాక 70 శాతం, ఈ చెకింగ్ అయ్యాక 20, మూడు నెలల తర్వాత మిగతా 10. సీపీయూల 3,63,000లో ఆ పది శాతం 36,300 అవుతుంది, అది మన దగ్గర ఉన్నంతకాలం ఫోన్ చేస్తే ఎత్తుతారు.

పని వరస కూడా ముఖ్యం. సిస్టమ్స్ ముందు తెచ్చి కరెంటు పని తర్వాత పెడితే అవి ఎక్స్‌టెన్షన్ బాక్సుల మీద మొదలై అలాగే ఉండిపోతాయి. ముందు ఎర్త్ పిట్, వైరింగ్, మీటర్ పెట్టి చూడ్డం, తర్వాత యూపీఎస్, ఆ తర్వాతే ఆర్డర్. కరెంటు పనికి పది రోజులు పడుతుంది, దసరా సెలవుల్లో పెట్టుకుంటే పిల్లలు ఉండరు.

ఇప్పటికి నేను మిమ్మల్ని అడిగేది రెండే. ఒకటి, వెండర్‌కి ఇస్తామన్న అడ్వాన్స్ ఈ వారం ఆపండి, ప్రాసెసర్ నంబర్, డిస్క్ రకం, విండోస్ లైసెన్స్, ఈ మూడూ రాసి కొత్త కొటేషన్ ఇమ్మనండి, ఆయన రాసిస్తే అప్పుడు రెండూ పక్కన పెట్టి చూద్దాం. రెండోది, కంప్యూటర్ సార్‌ని, కమిటీలో ఒకరిని ఏదో ఒక శనివారం నాతో సికింద్రాబాద్ పంపండి, కొనడానికి కాదు, చూడ్డానికి. బస్సు ఛార్జీలు ఎవరివి వాళ్లమే పెట్టుకుంటాం. నేను ఏ షాపు నుంచీ కమీషన్ తీసుకునేది లేదు, అనుమానం ఉంటే షాపు మీరే ఎంచుకోండి, నేను చెకింగ్ మాత్రం చేసిపెడతా.

ఇట్లు,
ఏడో తరగతి బి సెక్షన్‌లో ఒక పాప వాళ్ల నాన్న

తా.క.: ఆఫీసులో ఉన్న లేజర్ ప్రింటర్‌ని ల్యాబ్‌కి మారుస్తారని విన్నా. మార్చండి, కానీ యూపీఎస్ లైన్‌లో మాత్రం పెట్టనివ్వొద్దు. కాగితం మీద ఇంకు అంటించే హీటర్ దాంట్లో ఉంటుంది, ప్రింట్ కొట్టినప్పుడల్లా ఒక్కసారిగా ఎనిమిది వందలు, వెయ్యి వాట్లు లాగుతుంది, పిల్లలందరూ పని చేస్తున్నప్పుడు అది పడిందంటే యూపీఎస్ లోడ్ అంచుకి వెళ్లిపోతుంది. దానికి గోడ మీద విడిగా ఒక ప్లగ్ పెట్టించండి, పైన 38,000లో అది కూడా కలిపే ఉంది.